చదరానికి ఎంత? ఒక్క రేటు అడగొద్దు, మూడు రేట్లు అడగండి



పోయిన నెల చింతామణి వైపు నుంచి ఒక రైతు మనకి రెండు కొటేషన్లు పంపించినాడు. నాలుగు పంటలు వరసగా బాగా వచ్చినాయి, శిడ్లఘట్ట మార్కెట్లో గూళ్లకి రేటూ దొరికింది. ఆ దుడ్డుతో పాత పెంకుటిల్లు తీసేసి 20 × 30 కొలతలో 600 అడుగుల ఇల్లు కట్టాలని అతని ఆశ. మన లెక్కలో ఆరు చదరాల ఇల్లు. ఒక మేస్త్రి అడుగుకి 1,550 చెప్పినాడు, ఇంకొకాయన 1,750. "అన్నా, 1,550 ఆయనకి ఇచ్చేద్దునా?" అని అడిగినాడు.

ఈ ప్రశ్నకి అట్లే జవాబు చెప్పలేము. 1,550లో ఏముంది, ఏం లేదు అనేది ముందు తేలాలి. అందుకే అతని ఇంటినే తీసుకుని లెక్క విప్పి చూద్దాం. ఇక్కడ పెట్టిన ధరలు ఉదాహరణకి మాత్రమే. మీ ఊరి అంగడి ధర, మీ మేస్త్రి కూలి పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

*మొదటిది: సామాను*

ఇల్లు నిలబడేదానికి కావాల్సినవి మాత్రమే ఇందులోకి వస్తాయి. పిల్లర్లు వేసి, పైన మోల్డు పోసే చిన్న ఇంటికి అడుగుకి సుమారు 0.4 మూట సిమెంటు, మూడున్నర కిలోల కమ్మీ, 1.8 ఘనపుటడుగుల ఎం-శాండ్, 1.35 ఘనపుటడుగుల జల్లి పడతాయని మేస్త్రీలు, ఇంజనీర్లు అంచనా వేసుకుంటారు. నేల మెత్తనైతే, పునాది లోతుకి పోతే ఇది పెరుగుతుంది.

600 అడుగులకి 240 మూటల సిమెంటు అయింది. మూట 400 లెక్కన 96,000. కమ్మీ 2,100 కిలోలు, కిలో 62 లెక్కన సుమారు 1,30,000. ఎం-శాండ్‌కి 54,000, జల్లికి 36,000. ఆరంగుళాల సాలిడ్ బ్లాకులు 1,450 దాకా పడతాయి, వాటికి 58,000. పునాది రాళ్లు, లోపల నింపే మట్టి 52,000. మొత్తం 4,26,000. *అడుగుకి 710.*

*రెండోది: కూలి*

గోడ, కమ్మీ కట్టడం, సెంట్రింగ్, మోల్డు, పూత అన్నీ కలిపి అడుగుకి 400 అనుకుందాం. 600 అడుగులకి 2,40,000.

మోసపోయేది ఇక్కడే. అడుగు అంటే ఏ అడుగు? గోడ బయటి అంచుల లెక్కన ఈ ఇల్లు 600. మోల్డు నాలుగు పక్కలా రెండడుగులు బయటికి వస్తే పైన 24 × 34, అంటే 816 అడుగులు. మేస్త్రి మోల్డు కొలత పట్టుకుంటే కూలి 3,26,400 అవుతుంది. రేటు మారలేదు, పని మారలేదు, 86,400 మాత్రం ఎక్కువైంది. బయటికి వచ్చిన భాగానికి సగం రేటు అని కొందరు ఒప్పుకుంటారు, కొందరు అసలు పట్టరు. ఏదైనా సరే, పునాది తవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. సంపు, మెట్లు, మోరీ పనులకి కూలి వేరేనా అనేదీ అదే కాగితంలో ఉండాలి.

*మూడోది: ఫినిషింగ్*

నేల టైల్స్ 50,000. తలుపులు, కిటికీలు 90,000. బాత్రూమ్ టైల్స్, సామాన్లు 45,000. వంటింటి గ్రానైటు, సింకు 30,000. కరెంటు పని 57,000. నీళ్ల పైపులు 40,000. పెయింటు 60,000. వీటిలో ఆయా పనివాళ్ల కూలి కూడా కలిసింది. మొత్తం 3,72,000. *అడుగుకి 620.*

ఇప్పుడు మూడూ కూడితే 710, 400, 620. అడుగుకి 1,730. ఇల్లు 10,38,000.

ఇది చేతిలో పెట్టుకుని ఆ రెండు కొటేషన్లు మళ్లీ చదివించినాము. 1,750 ఆయన అన్నీ కలిపి చెప్పినాడు. 1,550 ఆయన కాగితంలో "పెయింటు ప్రైమర్ దాకా" అని ఉంది. తలుపు ఒకటే ఉంది, ముందు వాకిలిది. వంటింటి గ్రానైటు మాటే లేదు. ఆ విడిచినవన్నీ కలిపితే లక్షన్నర దాటింది. అంటే అడుగుకి 250కి పైన. తక్కువ అనుకున్నదే ఎక్కువైంది. సామాను, కూలి రేట్లలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఫినిషింగ్‌లోనే దాక్కుని ఉండింది.

*షెడ్డు రేటుతో పోల్చకండి*

"రేరింగ్ షెడ్డుకి అడుగుకి ఇంత తక్కువ అయింది, ఇంటికి ఇంత ఎందుకు?" అని చానామంది అడుగుతారు. షెడ్డులో అడ్డగోడలు తక్కువ, వంటిల్లు లేదు, బాత్రూమ్ లేదు, పైన చాలా చోట్ల రేకులే.

చిన్న ఇంటికి ఇంకో చిక్కుంది. మన లెక్కలో బాత్రూమ్, వంటిల్లు కలిసి 75,000. ఆరు చదరాల ఇంట్లో అది అడుగుకి 125. అదే వంటిల్లు, అదే బాత్రూమ్ పన్నెండు చదరాల ఇంట్లో పెడితే అడుగుకి 62 చిల్లర. పక్కింటి పెద్ద ఇల్లు 1,600కి అయిందంటే మీ చిన్నిల్లు అంతకి కాకపోవడం తప్పేమీ కాదు.

*పంట దుడ్డుతో కట్టేవాళ్లు ఎక్కడ ఆపొచ్చు*

మనకి జీతం లేదు, పంట పంటకీ దుడ్డు వస్తుంది. ఒక పంట పోతే పని ఆగుతుంది. ఆపాల్సి వస్తే బేస్‌మెంట్ ముగిసినాక ఆపండి, లేకుంటే మోల్డు పడినాక ఆపండి. నడిమిలో ఆపితే పైకి వదిలిన కమ్మీలు తుప్పు పడతాయి, తెచ్చిన సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. కాబట్టి బేస్‌మెంట్ నుంచి మోల్డు దాకా అయ్యే సామాను, కూలి దుడ్డు చేతిలో ఉన్నాకే గోడ లేపండి.

ఫినిషింగ్ మాత్రం పంట పంటకీ కొంచెం కొంచెంగా చేసుకోవచ్చు. నేల టైల్స్, పెయింటు ఏడాది ఆగినా ఇల్లేమీ చెడదు. అయితే కరెంటు పైపులు మోల్డులో కాంక్రీటు పోయకముందే, గోడల్లో పూత పూయకముందే పడాలి. అది వాయిదా వేస్తే తర్వాత గోడ కొట్టాల్సిందే.

మోల్డు పడిన దినం సిమెంటు మూటలు లెక్కపెట్టండి. 240లో 150, 160 అయి ఉంటే లెక్క సరిగ్గా పోతోంది. అప్పటికే 200 దాటితే పూతకి, నేలకి చాలవు. ఎందుకు ఎక్కువైందో ఆ దినమే మేస్త్రిని అడగండి.

*అడుగు రేటులోకి రానివి*

సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు, కరెంటు కనెక్షను, ప్లాను ఫీజు. ఇవి ఇల్లు చిన్నదైనా పెద్దదైనా వచ్చే ఖర్చులు, వేరే కాగితంలో రాసుకోండి. మొత్తం మీద నూటికి పది చేతిలో మిగుల్చుకోండి.

చివరగా మన పనికి సంబంధించిన మాట ఒకటి. పునాదిలో చెదల మందు కొట్టిస్తారు కదా, అందులో ఎక్కువగా వాడేది క్లోరోపైరిఫాస్ లాంటి పురుగుమందే. పక్కనే రేరింగ్ షెడ్డు గానీ మల్బరీ తోట గానీ ఉంటే పురుగులు ఉన్న దినాల్లో కొట్టించకండి. గూళ్లు దించి, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకోండి. మందు కొట్టినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చకుండా షెడ్డులోకి పోకూడదు. ఇంటి లెక్కలో ఎంత మిగిల్చినా, ఒక్క పంట పోతే ఆ మిగులంతా అందులోనే పోతుంది.

ఆ చింతామణి రైతు 1,750 ఆయనతోనే మాట్లాడినాడు. మూడు రేట్లు విడివిడిగా రాయించినాడు, కొలత గోడ అంచు వరకే అని ఒప్పించినాడు. మీ దగ్గర కొటేషన్ ఉంటే ఇట్లే మూడు భాగాలు చేసి గ్రూపులో పెట్టండి, అందరం కలిసి చూద్దాం.