ఎక్కువ కట్టిన బిల్లు, వెనక్కి వచ్చే డబ్బు

ఒకే బిల్లుకు డబ్బు రెండుసార్లు వెళ్లడం ఇప్పుడు తరచూ జరుగుతోంది. ఊళ్లో ఉన్న తండ్రి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌కు ఆయన డెబిట్ కార్డు మీద ఆటోపే ఉంటుంది. ఆ సంగతి తెలియని కొడుకు హైదరాబాద్ నుంచి యూపీఐలో బిల్లు కట్టేస్తాడు. మర్నాడు ఆటోపే తన పని తాను చేసుకుపోతుంది. నెలకు రూ.999 ప్లాన్, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు రూ.1,179 అయితే, కంపెనీకి రూ.2,358 చేరుతుంది. అదనంగా చేరిన సొమ్మును ఎలా, ఎప్పటికి, ఏ నంబరు మీద వెనక్కి పంపుతున్నదీ చెబుతూ కంపెనీ కస్టమర్‌కు పంపేదే రీఫండ్ ఉత్తరం. నాలుగైదు వాక్యాలకు మించదు. డబ్బు సకాలంలో రాకపోతే మాత్రం కస్టమర్ చేతిలో ఉండే ఆధారం అదే.

ఇక్కడ తప్పు బిల్లులో లేదు. బిల్లు రూ.1,179 సరైనదే, చెల్లింపు రెండుసార్లు జరిగింది, అంతే. బిల్లే ఎక్కువ వేసి ఉంటే కంపెనీ జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఇచ్చి లెక్క సరిచేయాలి. చెల్లింపు ఎక్కువైనప్పుడు ఆ అవసరం లేదు. కస్టమర్ ఖాతాలో ఆ సొమ్ము జమగా నిలబడుతుంది, యాప్‌లో ‘-1,179’ అని కనిపిస్తుంది. ఆ మైనస్ గుర్తు చూసి ఇంకా బాకీ ఉందనుకుని మూడోసారి కట్టేసేవారూ లేకపోలేదు. చాలా కంపెనీలు ఈ జమను అడక్కుండానే వచ్చే నెల బిల్లుకు సర్దేస్తాయి. కంపెనీకి అది సులువు, చిన్న మొత్తమైతే కస్టమర్‌కూ ఇబ్బంది లేదు. డబ్బే కావాలనుకుంటే ఆ మాట స్పష్టంగా రాసి అడగాలి. ఉత్తరం దానికి జవాబుగా వస్తుంది.

పై ఉదాహరణలో అలాంటి ఉత్తరం ఇలా ఉండొచ్చు:

“అయ్యా, మీ జూన్ బిల్లు రూ.1,179కి జూన్ 4న యూపీఐ ద్వారా ఒకసారి, జూన్ 5న ఆటోపే ద్వారా మరోసారి చెల్లింపు అందింది. రెండో చెల్లింపు రూ.1,179ని, అది వచ్చిన డెబిట్ కార్డుకే (చివరి అంకెలు 4417) తిరిగి పంపడానికి 2025 జూన్ 13న ఆమోదించాం. 7 పనిదినాల్లో మీ ఖాతాలో జమవుతుంది. మీ రీఫండ్ అభ్యర్థన నంబరు ఈ ఉత్తరం పైన ఉంది. బ్యాంకు నంబరు రాగానే మెసేజ్‌లో పంపుతాం.”

ఇందులో మొదట చూడాల్సింది డబ్బు వెళ్లే దారి. ఏ దారిన వచ్చిన డబ్బు ఆ దారినే వెనక్కి వెళ్లాలన్నది సాధారణ పద్ధతి. పేమెంట్ గేట్‌వేలు నడిపే సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన నిబంధనలూ అదే చెప్పాయి. కస్టమర్ ఒప్పుకుంటేనే వేరే దారి. కాబట్టి కంపెనీ ఏ చెల్లింపును అదనంగా లెక్కేసిందన్నది ముఖ్యం. ఈ ఉత్తరం ప్రకారం డబ్బు తండ్రి ఖాతాకు చేరుతుంది. కొడుకు తన ఫోన్‌లో ఎన్నాళ్లు చూసినా ఏమీ కనిపించదు. వెనక్కి తిప్పింది యూపీఐ చెల్లింపు అయివుంటే, కనెక్షన్ తండ్రి పేరున ఉన్నా డబ్బు కొడుకు ఖాతాకే వెళ్లేది.

ఫ్రాంచైజీ కుర్రాడికి నగదు ఇచ్చినప్పుడు, పాత ఖాతా మూసేసినప్పుడు ఈ దారి పనికిరాదు. అప్పుడు కంపెనీ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, రద్దు చేసిన చెక్కు అడిగి నెఫ్ట్‌లో పంపుతుంది. నెఫ్ట్‌లో జమ అయ్యేది ఖాతా నంబరు ఆధారంగానే. పేరు సరిగ్గా ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. అంకె తప్పయి అలాంటి ఖాతానే లేకపోతే డబ్బు పంపినవారికి తిరిగి వెళ్తుంది. ఆ తప్పు నంబరు మీద ఇంకెవరి ఖాతానో ఉంటే వ్యవహారం చిక్కుపడుతుంది. ఉత్తరంలో చివరి నాలుగు అంకెలు వేసేది ఇందుకే, వాటిని పాస్‌బుక్‌తో సరిచూసుకోవాలి.

గడువు దగ్గర ‘పనిదినాలు’ అన్న మాట చాలామందిని పొరపాటు పడేస్తుంది. జూన్ 13 శుక్రవారం. 14 రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. 15 ఆదివారం. లెక్క సోమవారం 16న మొదలవుతుంది. 21 మూడో శనివారం కాబట్టి బ్యాంకుకు పనిదినమే, అది ఆరో రోజు. 22 ఆదివారం పోతే ఏడో రోజు జూన్ 23. ఆమోదించిన నాటి నుంచి చూస్తే పది రోజులు. శనివారాలు పనిచేయని కంపెనీ లెక్కలో ఇంకో రోజు పెరుగుతుంది. ఉత్తరంలో ‘7 పనిదినాలు’ అని కాకుండా ‘జూన్ 23 లోపు’ అని రాసే కంపెనీ కస్టమర్‌కు సగం ఫోన్ కాల్స్ తప్పించినట్టే.

ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం వస్తుందని వినిపిస్తుంటుంది. ఆ నియమం ఉంది, కానీ ఇక్కడికి వర్తించదు. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ విఫలమైన లావాదేవీలకు సంబంధించినది. ఖాతాలో డబ్బు కోత పడి, దుకాణదారుకు చెల్లింపు ఖరారు కాకపోతే, యూపీఐలో ఐదు రోజులు దాటాక ఆ పరిహారం లెక్కలోకి వస్తుంది. రెండుసార్లు కట్టినప్పుడు రెండు లావాదేవీలూ విజయవంతమైనవే, బ్యాంకు తప్పేమీ లేదు. అందుకే ఉత్తరంలో కంపెనీ తానుగా రాసిన తేదీకి అంత విలువ.

ఇక నంబరు. ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఉత్తరం పైన ఉండే రీఫండ్ అభ్యర్థన నంబరు కంపెనీ సొంత లెక్కకు పెట్టుకున్నది. దాన్ని పట్టుకుని బ్యాంకుకు వెళ్తే కౌంటర్‌లోని ఉద్యోగి ఏమీ చేయలేడు, ఆయన కంప్యూటర్‌లో అది ఉండదు. బ్యాంకు వెతకగలిగే నంబరు డబ్బు నిజంగా బయల్దేరాకే పుడుతుంది. కార్డుకు వెళ్లే రీఫండ్‌కు 23 అంకెల ఏఆర్ఎన్, నెఫ్ట్‌కు 16 అక్షరాలూ అంకెల యూటీఆర్, యూపీఐకి 12 అంకెల ఆర్ఆర్ఎన్ ఉంటాయి. ‘రీఫండ్ ప్రాసెస్ అయింది’ అని మెసేజ్ వచ్చి ఈ నంబరు మాత్రం ఇవ్వలేకపోతున్నారంటే, డబ్బు ఇంకా కంపెనీ దగ్గరో గేట్‌వే దగ్గరో ఆగి ఉండే అవకాశమే ఎక్కువ. నంబరు ఇచ్చాక కూడా జమ కనిపించకపోతే అప్పుడు బ్యాంకును అడగాలి. అంతకుముందు స్టేట్‌మెంట్ ఒకసారి నిదానంగా చూడటం మంచిది. జమ పక్కన కంపెనీ పేరుకు బదులు గేట్‌వే పేరు ఉండటం మామూలే.

అసలు ఉత్తరం ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అడగదు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టే పని లేదు, పిన్ కొడితే డబ్బు వెళ్తుంది. రీఫండ్ కోసమంటూ లింకు నొక్కమన్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా అది మోసం. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఉత్తరంలోని తేదీ దాటిపోయినా కంపెనీ బ్యాంకు నంబరు ఇవ్వకపోతే ముందు ఆ సంస్థ అప్పీలు అధికారికి రాయాలి, అక్కడా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నంబరు ఇచ్చినా బ్యాంకు డబ్బు ఆచూకీ చెప్పకపోతే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.inలో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఏ గుమ్మం ఎక్కినా ఉత్తరం నకలు, రెండు చెల్లింపులూ కనిపించే స్టేట్‌మెంట్ పేజీ జతచేయాలి.