ఎం10 అంటే పది నంబర్ కాదు

యంత్రంతో పాటు వచ్చే బిగింపు సూచనల పుస్తకంలో బొమ్మలూ అంకెలే ఎక్కువ, వాక్యాలు తక్కువ. అంకెలు ఎలా ఉన్నవి అలా దించేసి, 'బిగించండి', 'విప్పండి' లాంటి నాలుగు క్రియలు రాస్తే తెలుగు పుస్తకం తయారవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ చిక్కంతా ఆ అంకెల చుట్టూనే ఉంటుంది. ఒక మోటారును ఇనుప చట్రానికి బిగించే చోట ఇలాంటి వరుస ఉందనుకుందాం.

```
M10 × 1.25 × 40 – 8.8    50 N·m
```

ఇందులో తెలుగు చేయడానికి పదం ఒక్కటీ లేదు. చదివే మెకానిక్ పొరపడడానికి మాత్రం మూడు నాలుగు చోట్లున్నాయి.

మొదటిది ఎం10. మిల్లీమీటర్ల కొలతలో మరలు కోసిన బోల్టు, మర పైఅంచుల దగ్గర కొలిస్తే 10 మిల్లీమీటర్ల లావు ఉంటుందని దాని అర్థం. అనువాదకుడు ఎం అన్న అక్షరం పాఠకుడికి అర్థం కాదేమోనని '10 మి.మీ. బోల్టు' అని రాస్తాడు. తప్పేమీ కనబడదు. కానీ విజయవాడ ఆటోనగర్‌లోనో మరో ఊళ్లోని బండ్ల షెడ్డులోనో 'పది బోల్టు తే' అంటే కుర్రాడు తెచ్చేది ఇది కాదు. అక్కడ బోల్టుకు పేరు దాని తలకు పట్టే స్పానర్‌ను బట్టి వస్తుంది. పది నంబర్ స్పానర్ పట్టే బోల్టు అసలు కొలతలో ఎం6. ఎం10 బోల్టు తలకు జపాన్ రకం బండ్లలో తరచుగా 14 నంబర్, ఇప్పటి అంతర్జాతీయ కొలతలో 16, పాత జర్మన్ కొలతలో 17 నంబర్ స్పానర్ కావాలి.

ఎం6, ఎం10 రంధ్రంలో వదులుగా ఆడుతుంది కాబట్టి బోల్టు మారిపోయిందని వెంటనే తెలుస్తుంది అనిపిస్తుంది. రంధ్రంలో తెలుస్తుంది కానీ, టార్క్ పట్టికలో తెలియదు. పట్టికలో '10 మి.మీ. – 50' అని చదివి, పది నంబర్ తల ఉన్న ఎం6 మీద 50 ప్రయోగిస్తే బోల్టు తెగుతుంది. 8.8 రకం ఎం6కు తగినది సుమారు 10 న్యూటన్ మీటర్లే. అందుకే నేనైతే ఎం10ను ఆంగ్ల అక్షరంతోనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట 'మర లావు 10 మి.మీ., తలకు 16 నంబర్ స్పానర్' అని పక్కన రాస్తాను. స్పానర్ నంబర్ మూలంలో లేకపోతే తయారీదారును అడిగి రాయాలి. ఊహించి రాయకూడదు.

ఇనుము కొట్లలో ఇంకో కొలత కూడా నడుస్తోంది. 'సూతు' అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూతుల బోల్టు లావు 9.5 మిల్లీమీటర్లు. చేతిలో పట్టుకుంటే ఎం10కీ దానికీ తేడా తెలియదు. కానీ మూడు సూతుల బోల్టుకు మామూలుగా అంగుళానికి 16 మరలుంటాయి. అంటే ఒక మర నుంచి పక్క మరకు సుమారు 1.59 మిల్లీమీటర్లు. మన వరుసలో రెండో అంకె 1.25. అదీ అదే దూరం, దాన్నే పిచ్ అంటారు.

పిచ్ దగ్గర తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎం10కు మామూలు పిచ్ 1.5. అది అందరికీ తెలిసిందే కాబట్టి చాలాసార్లు రాయరు. 'ఎం10 × 40' అని ఉంటే 40 అనేది పిచ్ కాదు, తల కింది నుంచి కొస దాకా పొడవు, పిచ్ 1.5 అని మనమే తెలుసుకోవాలి. 1.25 అని ప్రత్యేకంగా రాశారంటే అది సన్న మర. జపాన్ రకం వాహనాల్లో ఇది మామూలే. ఇక మూల పుస్తకం జర్మన్‌ది అయితే అందులో దశాంశానికి చుక్క కాక కామా ఉంటుంది. 1,25ను చూసిన అనువాదకుడు దాన్ని అలాగే వదిలేస్తే మన పాఠకుడు 'ఒకటి, ఇరవై ఐదు' అని రెండు అంకెలుగా చదువుతాడు. అక్కడ చుక్క పెట్టాల్సిందే.

1.25 బోల్టును 1.5 మర ఉన్న నట్టులో పెడితే చేత్తో ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. తుప్పో రంగో అడ్డుపడిందనుకుని స్పానర్ వేసినవాడు మరలను చెడగొట్టేస్తాడు. ఇది ముందే తెలుసుకోవడానికి పిచ్ గేజ్ లేకపోయినా ఫరవాలేదు. బోల్టు పక్కన స్కేలు పెట్టి పది మరల దూరం కొలవండి. 12.5 మిల్లీమీటర్లు వస్తే సన్న మర, 15 వస్తే మామూలు మర. తెలుగు పుస్తకంలో 'నట్టును ముందు చేత్తో చివరి దాకా తిప్పండి. మధ్యలో పట్టేస్తే స్పానర్ వాడకుండా బోల్టు మార్చండి' అని ఒక్క మాట చేరిస్తే, మూలంలో లేనిదాన్ని చేర్చావని తయారీదారు కోపగించుకోడు. అయినా అడిగి చేర్చడమే పద్ధతి.

ఇక 8.8. చూడ్డానికి దశాంశంలా ఉంటుంది కానీ కాదు. చుక్కకు ముందున్న 8ని వందతో గుణిస్తే 800. చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల లాగుడు దాకా బోల్టు తెగదు. చుక్క తర్వాతి 8 అంటే ఆ 800లో పదింట ఎనిమిది వంతులు, 640. అంతకు మించి లాగితే బోల్టు సాగి, వదిలినా మళ్లీ వెనక్కి రాదు. 10.9 అంటే 1000, 900. 4.6 అంటే 400, 240. కాబట్టి 10.9ను 'దాదాపు 11' అని సవరించడమూ, 8.8ను 8.80 అని అందంగా దిద్దడమూ రెండూ అర్థాన్ని చెరుపుతాయి. దీన్ని 'నాణ్యత' అనడం కూడా నాకు నచ్చదు. 4.6 బోల్టు నాసిరకం కాదు, తక్కువ బలం చాలిన చోట అది చక్కగా పనిచేస్తుంది. 'బలం తరగతి' అంటే సరిపోతుంది. అమెరికా పద్ధతిలో గ్రేడ్ 8 అని ఇంకొకటుంది. అది మన 8.8తో కాదు, సుమారు 10.9తో సమానం. వరుసలో గ్రేడ్ అన్న మాట ఉందో లేదో చూడకుండా 8 కనబడగానే 8.8 రాసేవాళ్లున్నారు.

ఈ తరగతి ఎందుకంత ముఖ్యమో మన బోల్టుతోనే లెక్క వేసి చూద్దాం. సన్న మర ఉన్న ఎం10లో బలం మోసే అడ్డుకోత 61 చదరపు మిల్లీమీటర్లు. 8.8 రకం అయితే శాశ్వతంగా సాగడం సుమారు 4 టన్నుల దగ్గర మొదలవుతుంది, సుమారు 5 టన్నుల దగ్గర తెగుతుంది. పొడి మరల మీద 50 న్యూటన్ మీటర్లతో బిగిస్తే బోల్టులో రెండున్నర టన్నుల లాగుడు పుడుతుంది. బోల్టు గట్టి స్ప్రింగులా కాస్త సాగి, రెండు ముక్కలనూ నొక్కి పట్టుకుంటుంది. సాగే హద్దుకు ఇంకా చాలా దూరం ఉంది, కాబట్టి నిశ్చింత.

ఇప్పుడు అదే చోట కొట్లో దొరికిన 4.6 బోల్టు పెట్టండి. అది ఒకటిన్నర టన్నుల దగ్గరే సాగుతుంది, రెండున్నర టన్నుల దగ్గర తెగుతుంది. మన సూచన అడుగుతున్నది సరిగ్గా ఆ రెండున్నర టన్నులే. బిగించేవాడికి ముందుగా తెలిసే గుర్తు ఒకటుంది. రెంచ్ తిరుగుతూనే ఉంటుంది కానీ చేతికి బరువు పెరగదు. అలా అయితే బోల్టు సాగుతోందని అర్థం, అక్కడే ఆపి తీసేయాలి. అసలు ముందే తల మీద అచ్చు చూసుకోవచ్చు. ఎం5, అంతకంటే పెద్ద షడ్భుజి తల బోల్టుల మీద తరగతి అంకె అచ్చు వేయాలని ప్రమాణం. మన దేశంలో ఆ ప్రమాణం ఐఎస్ 1367. అందుకే 8.8 తెలుగు అంకెల్లోకి మారకూడదు, తల మీద ఎలా ఉందో పుస్తకంలోనూ అలాగే ఉండాలి.

అసలు ప్రమాదం 50 దగ్గర ఉంది. ఆ అంకె పొడి మరలకు ఇచ్చింది అనుకున్నాం. మనం పెట్టే శక్తిలో సుమారు సగం తల కింద రాపిడికి, మరో 40 శాతం దాకా మరల రాపిడికి పోతుంది. బోల్టును లాగడానికి మిగిలేది పదో వంతే. అందువల్ల రాపిడి కాస్త తగ్గినా లాగుడు బాగా పెరుగుతుంది. నూనె రాసిన మరల మీద అదే 50 పెడితే లాగుడు సుమారు 3.4 టన్నులకు చేరుతుంది. మాలిబ్డినం గ్రీజు పూస్తే నాలుగు టన్నులు దాటి, సాగే హద్దు దాటిపోతుంది. రెంచ్ మాత్రం ప్రతిసారీ అదే చోట క్లిక్‌మంటుంది.

ఈ 'పొడిగా' అన్న షరతు చాలా పుస్తకాల్లో టార్క్ పట్టిక పక్కన ఉండదు. ముందు పేజీల్లో ఎక్కడో సాధారణ సూచనల్లో ఒక వాక్యంగా ఉంటుంది. అనువాదం పేజీల వారీగా పంచుకున్నప్పుడు పట్టిక తెలుగు చేసేవాడికి ఆ వాక్యం కనబడదు. మన షెడ్లలో బోల్టు బిగించే ముందు తుప్పు పట్టకుండా చుక్క నూనె వేయడం మంచి అలవాటే. అందుకే ఆ షరతును పట్టిక దగ్గరికి తేవాలి. క్రియ కూడా చూసుకోవాలి. '50 వరకు బిగించండి' అంటే 40 దగ్గర ఆపినా తప్పు లేదని వినిపిస్తుంది. నేను ఇలా రాస్తాను.

```
M10 × 1.25 × 40 – 8.8
మరలకు నూనె, గ్రీజు పూయవద్దు.
టార్క్ రెంచ్‌ను 50 N·mకు అమర్చండి.
క్లిక్ వినగానే ఆపండి, మళ్లీ నొక్కవద్దు.
```

ప్రమాణపు గుర్తును N·m గానే ఉంచాను, రెంచ్ మీద కొట్టి ఉండేది అదే. దీన్ని 'మీటరుకు న్యూటన్' అని రాస్తే అది వేరే కొలత అయిపోతుంది. పాత రెంచ్‌లలో కేజీ మీటర్లు, ఫుట్ పౌండ్లు ఉంటాయి. మన 50, కేజీ మీటర్లలో 5.1, ఫుట్ పౌండ్లలో 37. ఫుట్ పౌండ్ల రెంచ్‌ను 50కి పెడితే 68 న్యూటన్ మీటర్లు పడతాయి. ఆ లాగుడు ఇందాకటి నూనె బోల్టుతో సమానం. మూడు అంకెలూ పక్కపక్కన ఇవ్వడం మంచిదే కానీ, వాటిలో ఏది మూలంలోదో ముద్దక్షరాల్లో చూపించాలి.

కొన్ని ఇంజన్ బోల్టులకు అంకె ఇలా ఉంటుంది: 20 N·m + 90°. ఇక్కడ రెండు పనులున్నాయి. ముందు 20 దగ్గర ఆపాలి, తర్వాత రెంచ్ చూపే టార్క్‌ను పట్టించుకోకుండా తలను అక్కడి నుంచి ఇంకో పావు చుట్టు తిప్పాలి. '20 న్యూటన్ మీటర్లతో 90 డిగ్రీలు' అని రాస్తే రెండు పనులూ ఒకటైపోతాయి. రెండో పనికి క్లిక్ ఉండదు. అందుకే 20 అయ్యాక తల మీదా పక్కనున్న ఇనుము మీదా రంగుతో ఒకే గీత గీయమని రాయాలి. తల మీది గీత పావు చుట్టు జరిగితే ఆ బోల్టు పూర్తయినట్టు.