మెమరీయా... తెరా?

ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. ఫీజు కట్టేశారు. హాస్టల్ కుదిరింది. ఇక మిగిలింది ల్యాప్‌టాప్. అక్కడే మొదలవుతుంది అసలు పంచాయితీ!

మా అక్కయ్య కొడుక్కి 2023లో సీఎస్‌ఈలో సీటొచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ‘55 వేలు దాటితే నన్నడగొద్దు’ అని బావగారు ముందే చెప్పేశారు. వాడూ నేనూ కలిసి సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మధ్యాహ్నమంతా తిరిగితే చివరికి రెండు ల్యాప్‌టాప్‌లు మిగిలాయి. ప్రాసెసర్ దాదాపు ఒకటే, ఫైళ్లు దాచుకునే డిస్కు రెండింట్లోనూ 512 జీబీ, ధరలోనూ పెద్ద తేడా లేదు. కాకపోతే మొదటిదాంట్లో ర్యామ్ మెమరీ 16 జీబీ, తెర మాత్రం వెలవెలబోతోంది. రెండోదాంట్లో మెమరీ 8 జీబీయే. తెర చూస్తే కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

‘మావయ్యా, సీనియర్లంతా 16 తీసుకోమంటున్నారు’ అన్నాడు వాడు. ‘రోజూ చూసేది తెరనే కదరా’ అన్నాను నేను. ఇద్దరి మాటా నిజమే. అప్పుడు మేం తేల్చుకోవాల్సింది ఏది గొప్పదన్నది కాదు... ఏది తర్వాత మార్చుకోవచ్చు, ఏది మార్చుకోలేం అన్నది!

8 జీబీ ఎక్కడ చాలదు?

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేశాం. మా ఇంట్లో ఉన్న 8 జీబీ ల్యాప్‌టాప్‌లో Ctrl+Shift+Esc నొక్కితే Task Manager తెరుచుకుంటుంది. అందులో Performance, ఆ తర్వాత Memory నొక్కితే ఎంత వాడుతున్నదీ కనిపిస్తుంది. ఏమీ తెరవకముందే విండోస్ మూడున్నర జీబీ తీసేసుకుంది. బ్రౌజర్‌లో ఓ పదిహేను ట్యాబులు, ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్, ఒక పీడీఎఫ్ తెరిచేసరికి ఆరు దాటింది. పైగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో తెర మీద బొమ్మకు కావాల్సిన మెమరీ కూడా ఈ 8లోంచే పోతుంది. విండోస్‌లో 8.0 GB పక్కన 7.3 GB usable అని కనిపించడానికి కారణం అదే.

మొదటి రెండేళ్లూ నేర్చుకునే సీ, జావా, పైథాన్ లాంటివాటికి ఇది సరిపోతుంది. చిక్కంతా ఫోన్ యాప్‌లు తయారుచేసేటప్పుడూ, కంప్యూటర్లోనే మరో కంప్యూటర్ను నడిపే వర్చువల్ మెషీన్లు వాడేటప్పుడూ వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో కలిపి వాడాలంటే 8 ఏ మూలకూ రాదు. మెమరీ నిండితే విండోస్ కొంత సమాచారాన్ని డిస్కు మీదకు నెట్టేస్తుంది. ఒక కిటికీ నుంచి మరో కిటికీకి మారిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగుతోందంటే అదే కారణం. ల్యాప్‌టాప్ పాడైందనుకుని కంగారు పడక్కర్లేదు.

తెరలో చూడాల్సినవి

తెర గురించి పెట్టె మీద రాసేవాటిలో మూడే ముఖ్యం. మొదటిది వెలుగు. దీన్ని నిట్స్‌లో కొలుస్తారు. చవక తెరలు 250 దగ్గరుంటాయి. గదిలో ఫర్వాలేదు కానీ, హాస్టల్లో కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాల కన్నా మన ముఖమే ఎక్కువ కనిపిస్తుంది. 300 ఉంటే నయం.

రెండోది రంగులు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు పాలిపోయినట్టుంటాయి, ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని ఉంటే వెబ్‌సైట్లూ ఫొటోలూ ఉండాల్సిన రంగుల్లో కనిపిస్తాయి. ప్రోగ్రాములు రాసుకునేవాళ్లకు ఇది అంత పట్టింపు కాదు. ఆర్కిటెక్చర్, డిజైన్ చదివేవాళ్లకు మాత్రం తప్పనిసరి.

మూడోది చూసే కోణం. షాపులో తెరను నెమ్మదిగా వెనక్కి వాల్చండి. రంగులు తారుమారై నలుపు తెల్లబారితే అది టీఎన్ రకం. కొద్దిపాటి తేడాతో అలాగే నిలబడితే ఐపీఎస్. టీఎన్ తెర ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఇక 1366x768 తెర ఇప్పటికీ ఎవరైనా అంటగట్టబోతే మర్యాదగా తిరిగిచ్చేయండి. 1920x1080 కన్నా తగ్గకూడదు.

అసలు గుట్టు వెనకమూతలో...

ల్యాప్‌టాప్ తెరను తర్వాత మార్చుకోవడం సామాన్యుడికి అయ్యే పని కాదు. సరిపోయే తెర దొరకాలి, కనెక్టర్ కలవాలి, ఖర్చూ ఎక్కువే. ఇంట్లో ఉండి చదువుకునేవాళ్లయితే హెచ్‌డీఎంఐ తీగతో బయట ఓ మానిటర్ తగిలించుకోవచ్చు. హాస్టల్ గదిలో దానికి చోటేదీ?

మెమరీ అలా కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో వెనకమూత కింద దానికోసం ఖాళీ స్లాటు ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న పట్టీని అందులో గుచ్చితే 8 కాస్తా 16 అవుతుంది. అయితే అన్నింట్లోనూ ఈ వీలుండదు. పలచటి మోడళ్లలో మెమరీని మదర్‌బోర్డుకే అతికించేస్తారు. కొన్నరోజు ఎంతుందో చివరి దాకా అంతే!

దీన్ని కనిపెట్టడం తేలికే. కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ వివరాల పేజీ తెరవండి. LPDDR అని కనిపిస్తే దాదాపుగా అతికించినదే. SO-DIMM అని ఉండి, ఒక స్లాటు ఖాళీ అని చెబితే పెంచుకోవచ్చు. గరిష్ఠంగా ఎంతవరకు పెంచవచ్చో కూడా అక్కడే ఉంటుంది. Task Manager లోనూ Slots used: 1 of 2 అని చూపిస్తుంది కానీ, అతికించిన మెమరీ విషయంలో ఆ లెక్క ఒక్కోసారి తప్పుతుంది. వివరాల పేజీనే నమ్మండి.

మేం చూసిన రెండో ల్యాప్‌టాప్‌లో స్లాటు ఖాళీగా ఉంది. అదే కొన్నాం. వాడు మూడో ఏట యాప్‌ల ప్రాజెక్టు మొదలుపెట్టగానే సర్వీస్ సెంటర్లో మరో 8 జీబీ వేయించాం. పావుగంట పని. వాడి గదిలోని కుర్రాడు ముచ్చటపడి కొన్న పలచటి ల్యాప్‌టాప్ తెర కూడా బ్రహ్మాండమే. కానీ 8 జీబీ అతికించేశారు. ఎమ్యులేటర్ కావాల్సి వచ్చినప్పుడల్లా అతను ప్రాజెక్టును కాలేజీ ల్యాబులో చేసుకుంటున్నాడు.

ఇప్పుడు కొంటుంటే

ఒక్క సంగతి మాత్రం మారింది. డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ‘తర్వాత చవగ్గా వేయించుకోవచ్చులే’ అనే ధీమా పనికిరాదు. అందుకే ల్యాప్‌టాప్ బేరమాడేటప్పుడే దానికి సరిపోయే 8 జీబీ పట్టీ ధర కూడా అడగండి. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు కాబట్టి ఏ రకమో రాసుకోండి. మూత తీస్తే వారంటీ పోతుందా అన్నదీ తేల్చుకోండి.

రెండు ధరలూ కలిపినా బడ్జెట్లోనే ఉంటే, స్లాటు కూడా ఖాళీగా ఉంటే మంచి తెరే తీసుకోండి. మెమరీ అతికించిన మోడలైతే తెర ఎంత బాగున్నా 16 జీబీ లేకుండా కొనొద్దు. మొదటి ఏడాదే పెద్ద సాఫ్ట్‌వేర్లు వాడాల్సిన కోర్సయినా అంతే... ముందు మెమరీ, తర్వాతే తెర.

మొన్న పండక్కి వచ్చినప్పుడు వాడు పెరట్లో అరుగు మీద కూర్చుని ప్రాజెక్టు చేసుకుంటున్నాడు. తెర మీద అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి, ఎమ్యులేటరూ నడుస్తోంది. బావగారు వెనక నుంచి తొంగి చూసి, ‘55 వేలు పర్లేదులే’ అన్నారు. ఆయన నోట ఆ మాట రావడమే గొప్ప!