మీకు తెలుసా? ఫోన్‌లో వీడియోకు పదును తెచ్చేది ఒక నకలు

360పి వీడియోను ఫోన్ అప్పటికప్పుడు 1080పిగా పెంచి చూపాలంటే, సెకనుకు 30 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 33 మిల్లీసెకన్లే. 2017లో సియోల్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు తెచ్చిన ఈడీఎస్ఆర్ మోడల్‌లో సుమారు 4.3 కోట్ల పారామీటర్లున్నాయి. అలాంటి ఒక్క ఫ్రేమును పెంచడానికే దానికి దాదాపు పది లక్షల కోట్ల గుణకారాలు కావాలి. ఫోన్ వల్ల అయ్యే పని కాదు.

అందుకే దాన్ని గురువుగా కూర్చోబెట్టి, అందులో వెయ్యో వంతు ఉండే బుల్లి మోడల్‌కు పాఠం చెప్పిస్తారు. ఇదే డిస్టిలేషన్. శిష్యుడు గీసిన బొమ్మను అసలు ఫొటోతోనే కాక, గురువు గీసిన దానితోనూ పోల్చి తప్పులు దిద్దుతారు. అసలు ఫొటోలోని ప్రతి ఆకు ఈనెనూ పట్టుకోవడం చిన్న మోడల్‌కు సాధ్యం కాదు. గురువు బొమ్మ మాత్రం అందుకోదగ్గ దూరంలో ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతి మెట్టు క్వాంటైజేషన్‌లో ఉంది. 32 బిట్ల అంకెలను 8 బిట్లకు కుదిస్తే, ప్రతి విలువా 256 మెట్లలో ఏదో ఒకదానిపై నిలబడాలి. ఒక పొరలో విలువలన్నీ -1, 1 మధ్య ఉండి, ఒక్కటి మాత్రం 100కు ఎగబాకిందనుకోండి. మెట్టు ఎత్తు 0.4 అవుతుంది, మిగతా విలువలన్నీ ఐదారు మెట్ల మీద ఇరుక్కుంటాయి. పిల్లినో కుక్కనో గుర్తుపట్టే మోడల్ ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. ఇక్కడ జవాబే బొమ్మ కాబట్టి, ఆ లోటు సాయంత్రపు ఆకాశంలో చారలుగా కంటికి కనిపిస్తుంది.

2021లో వచ్చిన ఏబీపీఎన్ అనే 8 బిట్ల చిన్న మోడల్ దీనికి చూపిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. మూడు రెట్లు పెంచితే ఒక పిక్సెల్ తొమ్మిది పిక్సెళ్లవుతుంది కదా. ముందే ప్రతి పిక్సెల్‌ను తొమ్మిదిసార్లు నకలు తీసి పెట్టేస్తారు. మోడల్ బొమ్మంతా గీయక్కర్లేదు, నకలుకు కలపాల్సిన తేడా చెబితే చాలు. సాఫీగా ఉన్న ఆకాశంలో ఆ తేడా దాదాపు సున్నా. సున్నాకు 8 బిట్లలో కచ్చితంగా ఒక మెట్టు ఉంటుంది, కాబట్టి ఆకాశం చెదరదు. నకలు తీయడానికి గుణకారాలూ అక్కర్లేదు.

ఇంతా చేసి సగటు పీఎస్ఎన్ఆర్ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. చెట్లూ జనమూ నిండిన ఫ్రేముల్లో చారలు దాక్కుంటాయి. ఒకే ఆకాశం ఫ్రేమును 32 బిట్ల మోడల్‌తోనూ, 8 బిట్ల మోడల్‌తోనూ పెంచి, ఒకదాంట్లోంచి మరొకటి తీసివేసి, వచ్చిన తేడాను పది రెట్లు చేసి చూడాలి. ఇసుక చల్లినట్టు ఉంటే ఫర్వాలేదు. అలలు దేరినట్టు గీతలు కనబడితే, ఏ పొరలో ఆ ఒంటరి పెద్ద విలువ ఉందో వెతకాలి. తర్వాత, 8 బిట్లకు సరిచేసే ఆ కుదింపును శిక్షణలోనే చేర్చి శిష్యుడికి మరికొన్నాళ్లు పాఠం చెప్పాలి.