గాలి హోరు తీసేటప్పుడు గొంతు పోకుండా

సముద్రపు ఒడ్డున ఫోనులో రికార్డు చేసుకున్న మాటల్ని ఇంటికొచ్చి వింటే చాలామందికి ఒకటే అనుమానం వస్తుంది. అక్కడున్నప్పుడు గాలి ఇంత గట్టిగా లేదే, ఈ భుగభుగలు ఎక్కణ్నించి వచ్చాయి అని. అనుమానం సబబైనదే. చెట్ల ఆకులు గలగలమన్నా, ఇంటి మీద రేకు టపటపలాడినా అది గాలి వల్ల పుట్టి మన చెవిదాకా ప్రయాణించిన శబ్దం. మైకులో వినబడే హోరు అలా ఎక్కణ్నించో రాలేదు. వీచే గాలి మైకుకు అడ్డుతగిలి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో పెరిగీ తరిగీ ఉండే ఒత్తిడి, మైకు లోపలి పలచని పొరను నేరుగా నెడుతుంది. మైకు దగ్గరే పుట్టి మైకులోనే చేరిపోయే గోల అది. అందుకే మాట్లాడే మనిషి ఎంత గట్టిగా మాట్లాడినా దాన్ని దాటలేకపోవడం మామూలే.

ఈ గోలకు ఒక మంచి గుణం ఉంది. దాని బలమంతా అడుగున ఉంటుంది. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్ అని బడిలో చదువుకున్నాం కదా. సన్నగా వీచే గాలి హోరు చాలావరకు 100 హెర్ట్జ్ లోపే ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. విసురుగా కొట్టినప్పుడు మాత్రం కొన్ని వందల హెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది. మగవారి గొంతు మూల కంపనం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవారిది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. అంటే నిలకడగా వీచే గాలికీ గొంతుకూ మధ్య కాస్త ఎడం ఉంది. విసురు గాలికీ గొంతుకూ మధ్య లేదు. మొదటిదాని పని హై పాస్ ఫిల్టర్ చూసుకుంటుంది. రెండోదానికి స్పెక్ట్రల్ రిపేర్ కావాలి. ఒకదాని పని రెండోదానితో చేయించబోతేనే గొంతు డొల్లగా తయారవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భీమిలి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కబుర్లను చిన్న రికార్డరుతో ఎక్కించామనుకోండి. మైకుకు స్పాంజి తొడుగు మాత్రమే ఉంది. ఆయన గొంతు మూల కంపనం 120 హెర్ట్జ్. ఫైలును కంప్యూటరులో తెరవగానే కనిపించే అలల గీతను పక్కన పెట్టి, స్పెక్ట్రోగ్రామ్ చూడాలి. ఉచితంగా దొరికే `Audacity`లో కూడా ఈ దృశ్యం ఉంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి హెర్ట్జ్, ఎక్కడ శబ్దం బలంగా ఉంటే అక్కడ వెలుగు. మన ఫైలులో 100 హెర్ట్జ్ కింద ఎడతెగని వెలుగు పట్టీ కనిపిస్తుంది. అదే నిలకడ గాలి. అక్కడక్కడ ఆ పట్టీ నుంచి అరసెకను పాటు 350 దాకా ఎగసిన మంటల్లాంటి మచ్చలు విసురు గాలివి. వాటి వెనక 120, 240, 360, 480 దగ్గర నిచ్చెన మెట్లలా వరసగా కనిపించే సన్నని గీతలు పెద్దాయన గొంతు. ఇంకా పైన, చాలా మేర పరుచుకుని పెరుగుతూ తగ్గుతూ ఉన్న పలచని పొగ కెరటాల శబ్దం. దాని జోలికి వెళ్లకూడదు. భీమిలిలో మాట్లాడిన మాటల వెనక సముద్రం వినబడకపోతే అది భీమిలి రికార్డింగే కాదు.

ఇప్పుడు హై పాస్ ఫిల్టర్. పేరు ఎలా ఉన్నా పని సులువే: మనం చెప్పిన హద్దుకు పైనున్నదాన్ని పోనిచ్చి, కిందున్నదాన్ని అణుస్తుంది. ఆ హద్దు దగ్గర గోడలా కోసేయదు, వాలుగా తగ్గిస్తూ పోతుంది. అందుకే రెండు సంఖ్యలు ఇవ్వాలి: హద్దు ఎక్కడ, వాలు ఎంత. `Audacity`లోని `High-Pass Filter`లో 80 హెర్ట్జ్, ఆక్టేవుకు 24 డెసిబెల్ అని పెడితే, 40 హెర్ట్జ్ దగ్గరి హోరు 24 డెసిబెల్ తగ్గుతుంది. అంటే దాని ఎత్తు పదహారో వంతుకు పడిపోతుంది. 20 హెర్ట్జ్ దగ్గరిది లేనట్టే. అదే ఫిల్టరు 120 దగ్గర పెద్దాయన గొంతును 0.2 డెసిబెల్ కూడా తగ్గించదు, ఎవరి చెవికీ తెలియదు.

హోరు ఇంకా కొంచెం వినబడుతోంది కదా అని హద్దును 150కి జరిపితే ఏమవుతుంది? 120 దగ్గరి గీత ఎనిమిది డెసిబెళ్లకు పైగా పడిపోతుంది. మాట అర్థం కావడానికి ఇబ్బంది ఉండదు. పాత టెలిఫోను లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేవి. మగగొంతు మూల కంపనం ఆ తీగలో ప్రయాణించేదే కాదు. అయినా అవతల మాట్లాడేది నాన్నే అని గుర్తుపట్టేవాళ్లం. పైనున్న గీతల మధ్య ఎడం 120 చొప్పున ఉంటే, అడుగున ఉండాల్సిన 120ని మెదడు తనే ఊహించుకుంటుంది. ఈ వరం వల్లే హై పాస్ ఫిల్టరు ధైర్యంగా వాడగలుగుతున్నాం. కానీ గుర్తుపట్టడం వేరు, ఎదురుగా కూర్చుని వింటున్నట్టుండడం వేరు. గొంతులోని నిండుతనం అడుగు గీతల్లో ఉంది. కాబట్టి హద్దును నెమ్మదిగా పెంచుకుంటూ పోయి, గొంతు పలచబడిందని అనిపించిన చోటు నుంచి కాస్త వెనక్కి రావాలి. మంచి హెడ్‌ఫోన్లతోనే ఈ పని చేయాలి. ల్యాప్‌టాప్ స్పీకరు 80 హెర్ట్జ్‌ను పలికించనే పలికించదు, హోరు పోయిందో ఉందో దాంట్లో తెలియదు.

డోలు, డప్పు ఉన్న రికార్డింగుల్లో ఈ లెక్క చెల్లదు. ఒగ్గుడోలు గంభీరత గాలి హోరు ఉన్న అడుగుభాగంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ హద్దు ఇంకా కిందికి దించి, కొంత హోరుకు సర్దుకోవాలి. పక్షి కూతలకైతే అసలు బెంగే లేదు. కోకిల కూత వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, హద్దు 400 దగ్గర పెట్టినా దానికి చలనం ఉండదు.

ఇక మిగిలినవి విసురు గాలి మచ్చలు. స్పెక్ట్రల్ రిపేర్ అంటే స్పెక్ట్రోగ్రామ్ మీద చెడిన చోటును గీసి చూపించి, చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి సరిచేయమనడం. `iZotope RX`లో ఇందుకు `Spectral Repair` అనే భాగమే ఉంది. దాంట్లో `Attenuate` అంటే, ఎంచిన చోట పొరుగుకంటే మితిమీరి ఉన్నదాన్ని పొరుగు స్థాయికి దించుతుంది. `Replace` అంటే ఉన్నదాన్ని తీసేసి, ఇరువైపుల శబ్దాన్ని బట్టి కొత్తది అల్లి పెడుతుంది. మాట మీద పడ్డ గాలికి మొదటిదే వాడాలి. రెండోది మాటకూ మాటకూ మధ్య ఖాళీలో పడ్డ మచ్చలకు మాత్రమే. ఒక మనిషి అనని అక్షరాన్ని కంప్యూటరు ఊహించి అతికించడం సినిమాలో చెల్లుతుందేమో గాని, ఇంటర్వ్యూలో చెల్లదు.

పెద్దాయన ఒక మాట మధ్యలో గాలి కొట్టిందనుకోండి. అరసెకను వెడల్పున, 350 దాకా ఉన్న మచ్చనంతా ఒకే పెట్టెలో ఎంచితే గొంతు గీతలూ దాంతో పాటే తగ్గుతాయి. ముఖ్యంగా మ, న అక్షరాలకు దెబ్బ. ముక్కుతో పలికే ఆ ధ్వనుల బలం చాలావరకు 250, 300 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటుంది. అమ్మ, అన్న లాంటి మాటలు నోరు మూసి అన్నట్టవుతాయి. అందుకని గొంతు గీతల మధ్య జాగాలను, అంటే 120కీ 240కీ మధ్య, 240కీ 360కీ మధ్య, సన్నని కుంచెతో విడివిడిగా ఎంచి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆ గీతలు విడివిడిగా కనిపించడానికి స్పెక్ట్రోగ్రామ్ కొలతను `4096`కు పెట్టుకోవాలి. 48,000 నమూనాల ఫైలులో అప్పుడు సుమారు 12 హెర్ట్జ్ తేడాను కూడా చూడగలం. బదులుగా కాలం దాదాపు 85 మిల్లీసెకన్ల మేర మసకబారుతుంది, గాలి సరిగ్గా ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమవుతుంది. రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించే మార్గం లేదు.

అతి చేశామని తెలియడానికి రెండు గుర్తులున్నాయి. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడలాడడం ఒకటి. సరిచేసిన చోట వెనకున్న కెరటాల శబ్దం చటుక్కున ఆగి మళ్లీ మొదలవడం రెండోది. ఇది మొదటిదానికన్నా చెవికి ఎక్కువ గుచ్చుకుంటుంది. ఎవరూ మాట్లాడని చోటి నుంచి సముద్రపు శబ్దాన్ని కాస్త తీసి ఆ గుంటలో పరిస్తే సర్దుకుంటుంది. ఇంకో పరీక్ష కూడా చేయవచ్చు. సరిచేసిన ఫైలును తలకిందులు చేసి అసలు ఫైలుతో కలిపితే, మనం తీసేసినది మాత్రమే వినబడుతుంది. `Audacity`లో దీనికి `Invert` ఉంది. అందులో మాటలు అర్థమవుతున్నాయంటే గాలితో పాటు గొంతునూ పారేశామన్నమాటే. హై పాస్ ఫిల్టరు పనిని మాత్రం ఇలా పరీక్షించకండి. అది శబ్దపు కాలాన్ని కొద్దిగా జరుపుతుంది కాబట్టి, ఏమీ పోకపోయినా గొంతు మిగిలినట్టు వినబడుతుంది. ఫిల్టరు అయ్యాక దాచిన ప్రతిని, రిపేరు అయ్యాక వచ్చినదానితో పోల్చాలి.

ఇవి రెండూ చేతులెత్తేసే పరిస్థితి ఒకటుంది. గాలి మరీ గట్టిగా కొట్టి రికార్డరు తట్టుకునే హద్దు దాటితే అలల శిఖరాలు కోసినట్టు చదునవుతాయి. అప్పుడు పుట్టిన కరకర శబ్దం అన్ని హెర్ట్జుల్లోకీ చిందుతుంది. స్పెక్ట్రోగ్రామ్ మీద అడుగు నుంచి పైదాకా నిలువు చారలు కనిపిస్తే అదే. అడుగును ఎంత కోసినా ఆ చారలు పోవు. పైగా ముందే ఫిల్టరు వేస్తే చదును శిఖరాలు వంకర తిరిగి, కోత పడ్డ సంగతే కనిపించకుండా పోతుంది. అందుకని కోతను ముందు చూసుకుని, `De-clip` లాంటి దానితో వీలైనంత సరిచేశాకే ఫిల్టరు వేయాలి. ఒకటి రెండు శిఖరాలైతే కుదురుతుంది, మాటంతా కోసుకుపోతే కుదరదు. ఫోను రికార్డింగుల్లో మరో చిక్కు. గాలి కొట్టగానే ఫోను తనంతట తానే శబ్దాన్ని తగ్గించేస్తుంది. హోరు తీసేశాక చూస్తే అక్కడ గొంతు కూడా చిన్నబోయి ఉంటుంది. ఆ ముక్కలను చేత్తో పెంచుకోవాలి.

ఈ తంటాలన్నిటికన్నా మైకుకు బొచ్చు తొడుగు చౌక. స్పాంజి కొంతవరకే ఆపుతుంది. బొచ్చు మైకు దగ్గర సుడులను బాగా అణుస్తుంది. అది లేకపోతే మైకును మాట్లాడేవారి నోటికి దగ్గరగా జరపండి. దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్ పెరుగుతుంది, గాలి హోరు ఉన్నంతే ఉంటుంది. రికార్డరు మీది `Lo Cut` మీటను నమ్ముకునే ముందు దాని పుస్తకం చదవండి. కొన్నిటిలో అది శబ్దం అంకెలుగా మారాక పనిచేస్తుంది, అలాంటిది కోతను ఆపలేదు. అన్నీ అయ్యాక కూడా, ఏ మార్పూ చేయని మూల ఫైలును మాత్రం చెరపకండి. ఇవాళ తీయలేని హోరును రేపు ఇంకా మెరుగైన పనిముట్టుతో తీయాలన్నా ఆ ఫైలే కావాలి.