కీలన్నీ తేలాకే పట్టిక విడదీయాలి

విద్యార్థి, సబ్జెక్టు, టీచరు అనే కాలమ్‌లున్న పట్టికను తీసుకుందాం. విద్యార్థి, సబ్జెక్టు కలిస్తే టీచరు ఎవరో తెలుస్తుంది; ఒక్కో టీచరు ఒకే సబ్జెక్టు చెబుతారు. ఇవే ఇక్కడి ఫంక్షనల్ డిపెండెన్సీలు.

ఏ డిపెండెన్సీకీ కుడివైపు రాని కాలమ్ ప్రతి కీలోనూ ఉండి తీరాలి. ఇక్కడ అది విద్యార్థి. దానికి సబ్జెక్టు చేర్చినా, టీచరు చేర్చినా మిగిలిన కాలమ్ దొరుకుతుంది కాబట్టి కీలు రెండు. చాలామంది మొదటి కీ దొరకగానే ఆగిపోతారు, అక్కడే మార్కులు పోతాయి. రెండు కీలనూ కలిపి చూస్తే మూడు కాలమ్‌లూ ఏదో ఒక కీలో ఉన్నాయి, అందుకే పట్టిక థర్డ్ నార్మల్ ఫామ్‌లోనే ఉంది.

అయితే టీచరు ఒక్కటే కీ కాకపోయినా సబ్జెక్టును నిర్ణయిస్తోంది. బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్ దీన్ని ఒప్పుకోదు. అందుకని (టీచరు, సబ్జెక్టు), (విద్యార్థి, టీచరు) అని విడదీయాలి. ఉమ్మడి కాలమ్ టీచరు మొదటి పట్టికకు కీ కనుక, మళ్లీ కలిపినా లేని వరుసలు పుట్టుకురావు. నష్టం ఒకటుంది: ఒకే విద్యార్థికి ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరు టీచర్లు నమోదైతే, ఏ పట్టికా విడిగా పట్టుకోలేదు.