రెజ్యూమెకి తోడు నాలుగు ముక్కలు

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారంలో ఆరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాడు మా బంధువులబ్బాయి. డేటా అనలిస్ట్ ఉద్యోగానికి పంపబోయే మెయిల్ ముందు నాకు చూపించాడు. ఇంగ్లిష్‌లో రాసుకున్న దాన్ని తెలుగులో చెబుతాను. మొదటి వాక్యం: "నాకు ఈ రంగంలో నేరుగా అనుభవం లేకపోయినా నేర్చుకోవాలన్న తపన ఉంది." తర్వాత ఆన్‌లైన్‌లో చేసిన ఐదు కోర్సుల పేర్లు. ఆరేళ్ల పని గురించి ఒక్క ముక్క లేదు.

"నెలలో నీ టైమంతా తినేసే పనేంట్రా?" అన్నాను.

"టూబీ, బాబాయ్. ఇంకేముంది!"

జీఎస్టీఆర్-2బీ అంటే, మనకు సరుకమ్మిన వాళ్లు పోర్టల్‌లో చూపించిన బిల్లుల చిట్టా. ప్రతి నెలా 14న తయారవుతుంది. మన ట్యాలీలో ఉన్న కొనుగోలు బిల్లు అందులో కనబడకపోతే దాని మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవడం కుదరదు. అందుకే రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి కలపాలి. వాళ్ల సంస్థలో నెలకి 1,180 బిల్లులు. సరఫరాదారు పోర్టల్‌లో GST/0417/24-25 అని పెడితే, ఇక్కడ ట్యాలీలో ఎక్కించినవాడు 417 అని కొట్టి ఊరుకుంటాడు. మనిషి కంటికి రెండూ ఒకటే, VLOOKUPకి కాదు. దాంతో సగానికి సగం చేత్తోనే కలుపుతూ రెండు రోజులు కూర్చునేవాడు.

ఏడాది క్రితం విసుగొచ్చి పవర్ క్వెరీ పట్టుకున్నాడట. గీతలూ, ముందున్న అక్షరాలూ, సున్నాలూ, చివరనున్న సంవత్సరమూ తీసేసి, మిగిలిన నంబరుకి సరఫరాదారు జీఎస్టీ నంబరు అతికించి, ఆ జోడీతో రెండు జాబితాలనూ కలిపాడు. 1,074 బిల్లులు వాటంతటవే జత పడ్డాయి. Left Anti అనే ఆప్షన్‌తో మిగిలిన 106 విడిగా తీశాడు. ఇక చేత్తో చూడాల్సింది అవే. రెండు రోజుల పని ఒక పూటకి దిగింది.

ఇదంతా నోటితో గడగడా చెప్పాడు, మెయిల్‌లో మాత్రం పెట్టలేదు. "అది అకౌంట్స్ పని కదా బాబాయ్" అన్నాడు. రెండు చోట్ల నుంచి వచ్చిన డేటాని శుభ్రం చేసి, కలిపి, కలవనివాటిని బయటికి లాగడం అనలిస్టు చేసే పని కాక మరేమిటి? పేరు మారిందంతే. ఆ పేరు మార్చి చెప్పడానికే రెజ్యూమె పైన ఈ మెయిల్. రెజ్యూమెలో "జీఎస్టీ రిటర్నులు, రీకన్సిలియేషన్" అని ఒక్క లైనుంటుంది, చదివే హెచ్.ఆర్. దాన్ని డేటా పనిగా అనువదించుకోరు.

"తప్పులేం రాలేదా?" అన్నాను. కాస్త నసిగాడు. సంవత్సరం తీసేయడంతో, ఒకే సరఫరాదారు నిరుడు వేసి ఆలస్యంగా చూపించిన 417, ఈ ఏడాది 417తో జత పడిపోయిందట. అలాంటివి నాలుగు. పన్ను మొత్తాలు పొంతన లేకపోవడంతో బయటపడ్డాయి. తర్వాత బిల్లు తేదీ నుంచి ఆర్థిక సంవత్సరం తీసి ఆ జోడీలో చేర్చాడు. "ఇదీ రాయి" అన్నాను. వాడికి నచ్చలేదు, తప్పు మనమే చెప్పుకోవడమేంటని.

చివరికి మెయిల్ ఇలా తేలింది:

"మీ డేటా అనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఆరేళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నాను. నెలకి 1,180 కొనుగోలు బిల్లులను జీఎస్టీ పోర్టల్ జాబితాతో పోల్చే పనిని పవర్ క్వెరీలో కట్టి, రెండు రోజుల నుంచి ఒక పూటకి తెచ్చాను. మొదటిసారి నాలుగు బిల్లులు తప్పుగా జత పడ్డాయి, ఆర్థిక సంవత్సరాన్ని చేర్చి సరిచేశాను. అదే పనిని కల్పిత డేటాతో ఎస్‌క్యూఎల్‌లో మళ్లీ చేసిన లింకు కింద ఉంది. పెద్ద టీమ్‌లో డేటాబేస్ మీద పనిచేసిన అనుభవం లేదు. నోటీసు పీరియడ్ 30 రోజులు."

కల్పిత డేటా అన్నమాట ఊరికే పెట్టలేదు. మొదట అసలు ఫైలే లింకులో పెట్టబోయాడు. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలూ రాష్ట్రం కోడ్, ఆ తర్వాతి పదీ పాన్ నంబరే. ఊళ్లో సరఫరాదారుల పాన్‌లన్నీ బజారున పెట్టేవాణ్ణి ఎవరు నమ్మి డేటా అప్పగిస్తారు?

సబ్జెక్ట్ లైనులో ఉద్యోగం పేరూ, ప్రకటనలోని రెఫరెన్స్ నంబరూ ఉంటే చాలు. కోర్సులు రెజ్యూమెలోకి వెళ్లిపోయాయి.

మూడు వారాలకి ఒకచోట నుంచి ఫోనొచ్చింది. వీడియో కాల్‌లో కూర్చున్నావిడ కోర్సుల జోలికే పోలేదట. మొదటి ప్రశ్నే, "ఆ నాలుగు తప్పు జతలూ ఎలా పట్టుకున్నారు?"